మెట్రో ఎక్కినా భయం ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: నా వయసు 32. మాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది. కుందలహళ్లిలో ఉంటాం, నా ఆఫీసు మెజెస్టిక్ దగ్గర. ఎనిమిది నెలల కిందట ఒకరోజు పొద్దున మెట్రోలో, కబ్బన్ పార్క్ దాటాక సొరంగంలో ఉండగా, ఒక్కసారిగా గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఆసుపత్రిలో ఈసీజీ, థైరాయిడ్, రక్త పరీక్షలు చేసి అంతా నార్మల్ అన్నారు, ఇది ప్యానిక్ ఎటాక్ అని చెప్పారు. అప్పటినుంచి క్యాబ్‌లోనో బస్సులోనో వెళ్తున్నాను. భయాన్ని ఎదుర్కొంటేనే పోతుందని అందరూ అంటే, పోయిన నెల మా ఆయన్ని తోడు తీసుకుని రెండు వారాలు రోజూ మెట్రోలోనే వెళ్లాను. చేతిలో నీళ్ల సీసా పట్టుకుని తలుపు పక్కనే నిలబడేదాన్ని. ఏమీ కాలేదు. మూడో వారం ఒంటరిగా బయల్దేరితే ఎం.జి. రోడ్డు రాగానే కాళ్లు వణికాయి. దిగిపోయాను. దిగగానే ప్రాణం లేచొచ్చింది. ఆఫీసుకు ఆటోలో వెళ్లాను. ఎదుర్కొన్నా పోని భయం ఇది. ఈ పద్ధతి నాకు పనిచేయదా?

— ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది. 'దిగగానే ప్రాణం లేచొచ్చింది.' మీ ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.

ఎం.జి. రోడ్డు స్టేషన్ వంతెన మీద ఉంటుంది. వెలుతురు, గాలి, కింద రోడ్డు కనిపిస్తాయి. అది దాటాక రైలు కిందికి దిగి సొరంగంలోకి వెళ్తుంది. అంటే వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవాళ్లకు సొరంగానికి ముందు ఆకాశం కనిపించే చివరి స్టేషన్ అదే. మీ కాళ్లు అక్కడే వణకడం కాకతాళీయం కాదు. 'ఇక్కడ దిగకపోతే ఇక దిగలేవు' అని మనసు చెప్పింది, మీరు దిగారు, తలుపులు మూసుకుని రైలు వెళ్లిపోయింది, నిమిషంలో ఒళ్లు తేలికపడింది. ఆ తేలికదనమే మీ భయానికి మేత.

ఎలాగో చెప్తాను. ఏదైనా పని చేయగానే బాధ తగ్గితే, ఆ పనిని మళ్లీ చేయమని మెదడు నేర్చుకుంటుంది. తలనొప్పికి మాత్ర వేసుకుంటే తగ్గింది కాబట్టి మళ్లీ మాత్ర కోసం వెతుక్కోవడం ఇలాంటిదే. మౌరర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1947లోనే దీన్ని రెండు దశలుగా వివరించాడు. మొదటి దశలో ఒక చోటికీ భయానికీ ముడి పడుతుంది. మీ విషయంలో అది ఎనిమిది నెలల కిందట కబ్బన్ పార్క్ దాటాక పడింది. రెండో దశలో ఆ చోటును తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరట ఆ ముడిని గట్టిపరుస్తుంది. మొదటిది ఒక్కరోజు పని. రెండోది మీరు క్యాబ్ బుక్ చేసిన ప్రతి ఉదయమూ జరిగింది.

ఇందులో ఇంకో నష్టం కూడా ఉంది. దిగిపోయినప్పుడు మెదడు ఊరటతో పాటు ఒక లెక్క కూడా రాసుకుంటుంది. 'సమయానికి దిగింది కాబట్టి బతికింది' అని. సొరంగంలో ఏమీ అయ్యేది కాదన్న సంగతి దానికి తెలిసే అవకాశమే రాలేదు. అందుకే ఇలాంటి భయం ఒక్కచోట ఆగదు. మెట్రో మానేసిన వాళ్లు కొన్నాళ్లకు లిఫ్ట్ మానేస్తారు, తర్వాత సినిమా హాల్లో నడవా పక్క సీటే కావాలంటారు, తర్వాత బ్యూటీ పార్లర్ కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చోవడానికి జంకుతారు. మీకు ఇంకా అంత దూరం రాలేదని మీ ఉత్తరం బట్టి అనిపిస్తోంది. ఇప్పుడే పట్టుకోవడం మంచిది.

మరి రెండు వారాలు రోజూ వెళ్లారు కదా, ఎందుకు తగ్గలేదు? మీరు తప్పించుకోవడం మానలేదు కాబట్టి. ఈ మాట నిష్ఠూరంగా కాదు, ప్రేమతోనే అంటున్నాను, ఎందుకంటే ఇది దాదాపు అందరూ చేసే పొరపాటు, పైగా బయటికి కనిపించని పొరపాటు. మన ఊళ్లలో పసిపిల్లల మెడలో తాయెత్తు కడతారు. పిల్లవాడు హాయిగా పెరిగితే పేరు తాయెత్తుకి వస్తుంది. తాయెత్తు లేకపోయినా వాడు అలాగే పెరిగేవాడా అన్నది ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని తీసి చూసిన వాళ్లు లేరు. మీ ప్రయాణంలో మూడు తాయెత్తులున్నాయి. మీ ఆయన, నీళ్ల సీసా, తలుపు పక్క చోటు. పద్నాలుగు రోజులు ఏమీ కాలేదు, ఆ పేరంతా వాటికే పోయింది. పదిహేనో రోజు మీ ఆయన లేరు. మీ మెదడు లెక్క ప్రకారం రక్షణ పోయింది, కాళ్లు వణికాయి. మీలో లోపం లేదు, ఆ పద్ధతిలోనూ లోపం లేదు. పరీక్ష మాత్రం ఇంకా జరగలేదు.

సైకాలజీలో వీటిని సేఫ్టీ బిహేవియర్స్ అంటారు, అంటే ప్రమాదం రాకుండా ఆపుతాయని నమ్మి చేసే చిన్న చిన్న జాగ్రత్తలు. వాటి బలం ఎంతో నాకు ఒక అమ్మాయి నేర్పింది. ఎవరో తెలియకుండా వివరాలు మార్చి చెప్తున్నాను. నెల్లూరు నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చింది. మెట్రో ఎక్కితే గొంతు పూడుకుపోయి ఊపిరాగిపోతుందని ఆమె భయం. ఇద్దరం ఎం.జి. రోడ్డు ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాం. ఆమె చేతిలో నీలం మూత సీసా. మేం మాట్లాడుతున్న పావుగంటలో ఆ మూతను ఎన్నిసార్లు తిప్పిందో, ఒక్క గుక్క కూడా తాగలేదు. సీసా మీద కాగితం బొటనవేలు రాపిడికి సగం ఊడి ఉంది. 'నీళ్లు లేకపోతే ఏమవుతుందనుకుంటున్నావు?' అని అడిగాను. 'గొంతు మూసుకుపోతుంది మేడమ్, కబ్బన్ పార్క్ వచ్చేలోపు పడిపోతాను' అంది. 'ఎంత నమ్మకం?' అంటే 'తొంభై శాతం' అంది. సీసా నాకిచ్చి వెళ్లమన్నాను. ఇచ్చింది, మళ్లీ తీసుకుంది, మళ్లీ ఇచ్చింది. రెండు రైళ్లు వెళ్లిపోయాయి. మూడోదాంట్లో ఎక్కింది. నేను సీసా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి అటు నుంచి వచ్చిన రైల్లో దిగింది. ముఖమంతా చెమట, కళ్లలో నీళ్లు. వచ్చీ రాగానే అన్న మాట, 'నోరు ఎండిపోయింది. అంతే. ఇంకేం కాలేదు.'

ఆ 'ఇంకేం కాలేదు' అన్న మాట కోసమే ఈ పద్ధతంతా. ఆ రోజు ఆమె భయం తగ్గలేదు, నిజానికి చాలా ఎక్కువగా ఉంది. కానీ సీసా ఉండి పది సార్లు వెళ్లినా తెలియనిది, సీసా లేకుండా ఒక్కసారి వెళ్తే తెలిసింది.

ఇప్పుడు మీ విషయానికి వద్దాం. మీరు సొరంగానికి భయపడుతున్నారని అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. సొరంగంలో మీ గుండె దడదడలాడుతుందేమో అని భయపడుతున్నారు. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ ప్యానిక్‌కు ఒక వివరణ ఇచ్చాడు, ఇప్పటికీ మేం దాన్నే ఎక్కువగా వాడతాం. ఒంట్లో ఏదో చిన్న మార్పు వస్తుంది. రాత్రి నిద్ర చాలక, పొద్దున టిఫిన్ తినక, ఉక్కపోతకు, ఏదో ఒకదానికి గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మనసు దాన్ని 'గుండెపోటు' అని చదువుతుంది. ఆ ఆలోచనకే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, 'చూశావా, నిజమే' అని మనసు అంటుంది. ఇలా గిరగిరా రెండు మూడు చుట్లు తిరిగేసరికి పూర్తి ఎటాక్. ఊపిరి అందడం లేదని గబగబా గాలి పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కి, తల తిరిగినట్టవుతుంది. అది కూడా ప్రమాదం కిందే లెక్క పడుతుంది. ఈ ఉధృతి సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది.

స్పృహ తప్పి పడిపోతామనే భయం చాలామందికి ఉంటుంది కాబట్టి ఒక మాట. బీపీ ఒక్కసారిగా పడిపోతే మనిషి సొమ్మసిల్లుతాడు. ప్యానిక్‌లో మామూలుగా గుండె వేగం, బీపీ పెరుగుతాయి, అందుకే అందులో సొమ్మసిల్లడం చాలా అరుదు. రక్తం, సూది చూస్తే వచ్చే భయం మాత్రం వేరు. అందులో బీపీ నిజంగానే పడిపోతుంది, వాళ్లకు కండరాలు బిగించే వేరే అభ్యాసం నేర్పుతాం. మీకు అది కాదు.

అందుకని మీ మొదటి వారం పని మెట్రోలో కాదు, ఇంట్లో. దడను, ఆయాసాన్ని, తల తిరగడాన్ని మీ చేతులతో మీరే తెప్పించుకోవాలి. ఒక నిమిషం ఉన్నచోటే పరుగెత్తండి. ఒక నిమిషం ఆఫీసు కుర్చీలో గిరగిరా తిరగండి. ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి తీసుకోండి. ఒక నిమిషం గబగబా లోతుగా గాలి పీల్చి వదలండి. ప్రతిదాని తర్వాత, ఆ రోజు మెట్రోలో వచ్చినదానికి ఇది ఎంత దగ్గరగా ఉందో పదికి మార్కులు వేయండి. ఎక్కువ మార్కులు వచ్చిన రెండింటిని ఎంచుకుని, రోజూ వరుసగా నాలుగైదుసార్లు చేయండి. చేశాక వెంటనే కూర్చుని, నీళ్లు తాగి, నెమ్మదిగా శ్వాస తీసి దాన్ని అణచడానికి ప్రయత్నించకండి. దానంతటది తగ్గేవరకు ఇంట్లో అటూ ఇటూ నడుస్తూ ఉండండి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఇవి చేయకూడదు. మీ పరీక్షలన్నీ నార్మలే అయినా, ఈ నాలుగూ చేయబోతున్నానని మీ డాక్టర్‌తో ఒక మాట చెప్పండి.

రెండో వారం, ఆదివారం. పొద్దున పదకొండింటికి ఎం.జి. రోడ్డు. ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కోండి, దాని పని ఇప్పుడు చెప్తాను. ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఒకే ఒక వాక్యం రాయాలి. ఏం జరుగుతుందని భయపడుతున్నారో, ఎవరైనా పక్కన నిలబడి చూసి అవును, కాదు అని చెప్పగలిగేలా రాయాలి. 'భయమేస్తుంది' అని రాస్తే పనికిరాదు, భయం ఎలాగూ వేస్తుంది. 'కబ్బన్ పార్క్ చేరేలోపు స్పృహ తప్పి పడిపోతాను' అని రాస్తే అది పరీక్షించదగ్గ మాట. పక్కన ఎంత నమ్మకమో శాతం రాయండి. 80 అనుకుందాం. ఇప్పుడు ఒంటరిగా, సీసా ఇంట్లో పెట్టి వచ్చి, తలుపు దగ్గర కాకుండా పెట్టె మధ్యలో కడ్డీ పట్టుకుని ఒక్క స్టేషన్ వెళ్లండి. రెండు మూడు నిమిషాల ప్రయాణం. కబ్బన్ పార్క్‌లో దిగి, ఏం జరిగిందో మొదటి వాక్యం కిందే రాయండి. 'పడలేదు. గుండె కొట్టుకుంది. చెమట పట్టింది.' ఎదురు రైలెక్కి తిరిగి రండి.

అదే రోజు ఇంకో మూడుసార్లు చేయండి. వారానికి ఒకసారి నాలుగు వారాలు వెళ్లడం కంటే మొదట్లో ఒకే రోజు నాలుగుసార్లు వెళ్లడం ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే మధ్యలో వారం రోజులు మనసు తన పాత కథను మళ్లీ అల్లుకోవడానికి వీలుండదు. రెండోసారి నమ్మకం 60 కావచ్చు, మూడోసారి 40, నాలుగోసారి ఎందుకో మళ్లీ 55. కంగారుపడకండి, ఆ అంకె మెట్లు దిగినట్టు దిగదు.

ఇక్కడ ఒక విషయం బాగా గమనించాలి. ఒకప్పుడు మా వృత్తిలో భయం సగానికి తగ్గేవరకు అక్కడే ఉండమని చెప్పేవాళ్లం, భయం తగ్గడమే నేర్చుకున్నట్టు గుర్తు అనుకునేవాళ్లం. మిషెల్ క్రాస్కీ లాంటి పరిశోధకుల పని చూశాక ఆ నమ్మకం సడలింది. ప్రయాణంలో భయం తగ్గినా తగ్గకపోయినా, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా ఎంత పెద్దదైతే మెదడు అంత బాగా నేర్చుకుంటుంది. అందుకే 'ఈరోజు కూడా భయమేసింది, కాబట్టి ఫెయిలయ్యాను' అని మీరు రాసుకోకూడదు. భయం తొంభై ఉండి, పడిపోకుండా కబ్బన్ పార్క్‌లో దిగితే, అదే ఆ రోజుకు మీకు దక్కగలిగే అతి మంచి ఫలితం.

ఆ నమ్మకం ఇరవై దాకా వచ్చాక కొంచెం కష్టం పెంచాలి. విధాన సౌధ దాకా, తర్వాత మెజెస్టిక్ దాకా. ఎస్కలేటర్ వదిలి మెట్లమీద గబగబా ఎక్కి, గుండె దడదడలాడుతుండగానే రైలెక్కండి. ఇంట్లో చేసిన పరుగు, ఇక్కడి సొరంగం అలా ఒకచోట కలుస్తాయి. మీరు కాఫీ మానేసి ఉంటారని నా అనుమానం, దడ వస్తుందని చాలామంది మానేస్తారు. అలాగైతే ఒకరోజు దర్శిని హోటల్లో స్ట్రాంగ్ ఫిల్టర్ కాఫీ తాగి మరీ ఎక్కండి. ఆ తర్వాత సోమవారం పొద్దున తొమ్మిదింటికి, కాలు పెట్టే చోటు లేని రైల్లో, కుందలహళ్లి నుంచి మెజెస్టిక్ దాకా. ఈ వరుసను మెట్ల మాదిరి ఒక్కోటే ఎక్కాలని లేదు. ఒకరోజు కష్టమైనది, మరుసటి రోజు తేలికైనది, ఒకసారి సాయంత్రం, ఒకసారి వానలో, ఇలా మార్చి మార్చి చేస్తే నేర్చుకున్నది అన్నిచోట్లా పనికొస్తుంది. ఆదివారం పదకొండింటికి మాత్రమే ధైర్యం ఉంటే దానితో ఆఫీసుకెళ్లలేరు కదా.

మధ్యలో దిగిపోతే? దిగిపోవచ్చు, మనుషులం. కానీ ఆటో ఎక్కకండి. ప్లాట్‌ఫామ్ మీదే ఉండి, తర్వాతి రైలో ఆ తర్వాతదో ఎక్కి, అనుకున్న స్టేషన్ దాకా వెళ్లండి. అప్పుడు ఊరట దిగడానికి కాదు, చేరడానికి ముడిపడుతుంది. మీరు ఆ రోజు ఎం.జి. రోడ్డులో దిగినప్పుడు నష్టం జరిగింది దిగడం వల్ల కంటే ఆటో వల్ల ఎక్కువ.

కొత్త తాయెత్తులు ఎలా పుడతాయో కూడా చెప్పాలి, ఎందుకంటే పాతవి తీసేయగానే అవి పుడతాయి. సీసా పోయి ఇయర్‌ఫోన్లు వస్తాయి, వినేది పాట కాదు, సొరంగాన్ని మరిచిపోయే మార్గం. లేదా కళ్లు మూసుకుని స్టేషన్లు లెక్కపెట్టడం. నాడి పట్టుకుని చూసుకోవడం, చేతి వాచీలో గుండె వేగం చూసుకోవడం. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం మంచిదే, కానీ 'ఇది చేయకపోతే చచ్చిపోతాను' అని చేస్తే అదీ తాయెత్తే. ఒకావిడ నన్ను అడిగింది, 'ఆంజనేయ దండకం చదువుకోవచ్చా?' అని. రోజూ పొద్దున దీపం పెట్టి చదివే అలవాటుంటే అలాగే చదవండి, దానికీ దీనికీ సంబంధం లేదు. సొరంగం రాగానే ఎటాక్ ఆపడానికి మాత్రమే చదువుతుంటే, ఆ కొన్ని ప్రయాణాల వరకు ఆపి చూడండి. గుర్తు పట్టడం తేలిక. అది లేకుండా ఎక్కమంటే గుండె గుభేలుమంటే, అది తాయెత్తు.

మాత్రల గురించి. ఆల్‌ప్రజోలామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రను పర్సులో పెట్టుకుని, ఎక్కే ముందు వేసుకునేవాళ్లున్నారు. దానివల్ల ప్రయాణం సాఫీగా జరుగుతుంది, కానీ నేర్చుకోవడం దెబ్బతింటుంది, పేరు మాత్రకే పోతుంది. కొందరికి పర్సులో ఉంటే చాలు, వేసుకోనక్కర్లేదు. డాక్టర్ రోజూ వేసుకోమని ఇచ్చిన మందుల సంగతి వేరు, అవి వాడుతూనే ఈ పని చేయవచ్చు. ఏ మందైనా మీ అంతట మీరు ఆపకండి, రోజూ వాడే ఆల్‌ప్రజోలామ్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కూడా. ఇచ్చిన డాక్టర్‌తోనే మాట్లాడి మార్చుకోవాలి.

మామూలుగా ఇది పది పన్నెండు సెషన్ల పని. మీరు ఒక్కరే చేసుకోగలిగేదే అయినా, మూడు నాలుగు వారాలు ఇలా చేసి నోట్‌బుక్‌లో అంకెలు కదలకపోతే క్లినికల్ సైకాలజిస్ట్‌ను కలవండి. ఎక్కడో ఒక తాయెత్తు కనిపించకుండా దాక్కుని ఉంటుంది, పక్కన మనిషి ఉంటే దొరుకుతుంది. మీరున్న ఊళ్లోనే నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రి ఉంది. దిగులు ఎక్కువై దేనిమీదా ఆసక్తి లేకపోయినా, చనిపోవాలనే ఆలోచనలు వచ్చినా ఈ అభ్యాసాలు పక్కన పెట్టి వెంటనే సాయం తీసుకోండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇంకో మాట ముందే చెప్పి ఉంచుతాను. అంతా బాగై, రోజూ మెట్రోలో వెళ్తూ, సంక్రాంతికి అనంతపురం వెళ్లి పది రోజులుండి వస్తారు. తిరిగొచ్చిన మొదటి రోజు కబ్బన్ పార్క్ దగ్గర మళ్లీ గుండె జారవచ్చు. ఎందుకంటే పాత జ్ఞాపకం చెరిగిపోలేదు, దాని పక్కన కొత్తది చేరింది. కొన్నాళ్లు విరామం వస్తే పాతది ముందుకొస్తుంది. కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ దీన్ని వందేళ్ల కిందటే చూశాడు. ఆ రోజు క్యాబ్ బుక్ చేయకండి. నోట్‌బుక్ తీసి మళ్లీ ఒక వాక్యం రాసి, ఎక్కండి. రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

చివరగా ఇది మీ ఆయనకు చూపించండి. ఆయన రెండు వారాలు తన పని మానుకుని మీతో వచ్చారు, ఆ ప్రేమ నాకు అర్థమవుతోంది. ఇప్పుడు ఆయన చేయాల్సింది అంతకంటే కష్టం. రాకుండా ఉండాలి. మీరు ప్లాట్‌ఫామ్ మీద నుంచి ఫోన్ చేసి 'నాకేం కాదు కదా?' అని అడిగితే, 'ఏం కాదులే' అనకూడదు. ఆ మాటతో మీకు ఊరట వస్తుంది, రేపు మళ్లీ ఆ మాట కావాలి. దానికి బదులు ఆయన అడగాల్సింది ఒక్కటే, 'నోట్‌బుక్‌లో ఏం రాశావు?' మీరు చదివి వినిపించండి. ఆయన 'సరే, దిగాక కింద ఏం రాశావో సాయంత్రం చూపించు' అని ఫోన్ పెట్టేయాలి.